పదోన్నతి సంగతిని అందరికీ తెలియజేయడం ఎలా: ఒక రైస్‌మిల్లు ఉదాహరణతో

సహోద్యోగికి పదోన్నతి వచ్చిందని తెలిపే ప్రకటన చదివినవారికి రెండు సంగతులు స్పష్టం కావాలి. ఆ మనిషికి ఈ బాధ్యత ఏ పని చూసి ఇచ్చారన్నది మొదటిది, రేపటి నుంచి తమ పనిలో ఏం మారుతుందన్నది రెండవది. మన దగ్గర వాట్సాప్ గ్రూపుల్లో కనిపించే ప్రకటనల్లో ఈ రెండూ తరచుగా ఉండవు. కష్టపడే తత్వం, అంకితభావం, క్రమశిక్షణ అనే మూడు మాటలు, వాటి కింద పూలగుత్తి బొమ్మ, ఆ తర్వాత వరుసగా నలభై దండాలు మాత్రమే ఉంటాయి. మరుసటి రోజు ఉదయం ఎవరిని అడిగినా ఆ మనిషి ఏం చేస్తే పదోన్నతి వచ్చిందో చెప్పలేరు. ఇకమీదట ఏ పనికి ఎవరి దగ్గరికి వెళ్లాలో కూడా వారికి తెలియదు.

ఈ పనిని మొదటి నుంచి చివరి వరకు ఎలా చేయాలో చూపడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. మిర్యాలగూడ దగ్గర ఒక మధ్యతరహా రైస్‌మిల్లు ఉందనుకోండి. ఆఫీసు, కాంటా, ల్యాబ్, డ్రైయర్, బాయిలర్, గోదాము, వీటన్నిటితోపాటు హమాలీల ముఠాలు, డ్రైవర్లు ఉన్నారు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద కోతలు మొదలైతే పచ్చి వడ్ల ట్రాక్టర్లు గేటు బయట రోడ్డు వెంట బారులు తీరుతాయి. ఈ మిల్లు ల్యాబ్‌లో సహాయకురాలిగా ఉన్న ఒకామెను నాణ్యత విభాగానికి ఇన్‌ఛార్జిగా నియమించాలని యాజమాన్యం నిర్ణయించింది. ఆమె పేరు రజిత అనుకుందాం. ఈ సంగతిని అందరికీ చెప్పవలసిన మేనేజరు మీరే.

ముందుగా ఖరారు చేసుకోవలసినవి

మిల్లుల్లో నిర్ణయాలు చాలావరకు నోటి మాటతో జరుగుతాయి. భాగస్వాముల్లో ఒకరు ల్యాబ్ గుమ్మంలో నిలబడి, ‘ఇగ నుంచి ఈమెనే చూసుకుంటది’ అని చెప్పి వెళ్లిపోతారు. ఆ మాటను పట్టుకుని ప్రకటన చేయకండి. సంతకంతో ఉత్తర్వు వచ్చిందా, కొత్త హోదాను అందులో ఏ మాటల్లో రాశారు, ఏ తేదీ నుంచి అమలవుతుంది, ఆమె ఇకపై ఎవరికి జవాబుదారీ, జీతం సంగతి ఆమెతో మాట్లాడి తేల్చారా అన్నవి ముందే చూసుకోవాలి. మిల్లులో నలుగురు భాగస్వాములుంటే నలుగురికీ ఈ సంగతి తెలిసి ఉండాలి. తెలియని భాగస్వామి ఒక్కరున్నా, ప్రకటన వెలువడిన గంటలోపు ‘నన్ను అడగకుండా ఎవరు ఇచ్చిన్రు?’ అన్న ప్రశ్న సిబ్బంది ముందే వినబడుతుంది. అప్పుడు తల దించుకోవలసింది ఏ తప్పూ చేయని రజిత గారు.

తర్వాత ఆమెనే అడగండి. తన పేరు, ఇంటిపేరు ఎలా రాయాలి, ఫొటో పెట్టవచ్చా, అందరి ముందూ మాట్లాడటం ఆమెకు ఇష్టమేనా, ఏ సంగతి చెప్పకూడదని అనుకుంటున్నారు అని అడిగితే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. ఫొటో విషయంలో ‘ఏముందిలే’ అనుకోకండి. గ్రూపులో పెట్టిన ఫొటో సాయంత్రానికల్లా ఊరి గ్రూపులకూ, బంధువుల గ్రూపులకూ చేరుతుంది. తన ఫొటో ఎక్కడెక్కడికి వెళ్లాలో నిర్ణయించుకునే హక్కు ఆమెది.

వివరాలు ఎక్కడ దొరుకుతాయి

ప్రకటనకు ప్రాణం పోసేది ఒక నిర్దిష్టమైన పని. అది మీ గదిలో కూర్చుని ఆలోచిస్తే దొరకదు. మేనేజరుకు ఫలితం కనబడుతుంది కానీ ఆ ఫలితం వెనుక రోజూ జరిగే పని కనబడదు. అందువల్ల ఆమె పనిని దగ్గరగా చూసేవారిలో ముగ్గురిని అడగండి. వారిలో ఒకరు ఆమె పని అందుకుని తన పని చేసేవారై ఉండాలి, మరొకరు హోదాలో ఆమెకన్నా కింద ఉన్నవారై ఉండాలి. ‘ఆమె ఎట్లాంటి మనిషి?’ అని అడిగితే ‘మంచిమనిషి సార్’ అన్న జవాబే వస్తుంది. దానితో ఒక్క వాక్యం కూడా రాయలేరు. ‘ఆమె లేని రోజు మీ పనికి ఎక్కడ అడ్డం పడుతుంది?’ అని అడగండి. ఈ ప్రశ్నకు జవాబుగా ఎప్పుడూ ఒక సంఘటనో, ఒక అలవాటో వస్తుంది.

మన ఉదాహరణలో గేటు దగ్గరి గుమాస్తాను ఇదే అడిగారనుకోండి. వడ్ల తేమను మ్యాచర్ అనే ఆయన ఇలా చెప్పవచ్చు: ‘ఇంతకుముందు గేటు కాడ మిషన్ల ఒక మ్యాచర్ వస్తుండె, ల్యాబ్ మిషన్ల ఇంకొకటి వస్తుండె. రైతులు లొల్లి పెడుతుండె. ఈ మేడం పొద్దుగాల మొదటి ట్రాక్టర్ రాకముందే ఒక్కటే వడ్లు రెండు మిషన్లల్ల పోసి చూస్తది. ఎంతొచ్చిందో బోర్డు మీద రాసి పెడ్తది. తేడా ఎక్కువొస్తే ఆ మిషన్ పక్కకు పెట్టిస్తది.’ డ్రైయర్ ఆపరేటర్‌ను అడిగితే ఆయన ఇంకో కోణం చెప్పవచ్చు: ‘ఆమె చీటీ మీద తేమ ఎంత రాస్తే గంతే ఉంటది. నేను మళ్ల చూసుకోను, గింజ విరగకుండ ఎంతసేపు ఎండబెట్టాల్నో చీటీ చూసే లెక్క కడ్త.’

ఈ రెండు జవాబుల్లో ప్రకటనకు కావలసినదంతా ఉంది. పచ్చి వడ్లు కొనే మిల్లులో తేమ అంకె మారితే ధర మారుతుంది కనుక, రెండు యంత్రాల మధ్య వచ్చే చిన్న తేడా కూడా రైతు చేతికి అందే డబ్బులో తేడా అవుతుంది. వడ్లను ఎండబెట్టడంలో తొందరపడితే గింజ పగిలి, మర పట్టినప్పుడు నూక పెరుగుతుంది. ఇటు గేటు దగ్గర తగాదా, అటు గోదాములో నష్టం, రెండింటినీ ఆపుతున్నది ల్యాబ్ నుంచి వచ్చే నమ్మదగిన అంకె. మిల్లులో పనిచేసే ఎవరికైనా, హమాలీకైనా సరే, ఈ పని విలువ విడమరిచి చెప్పనవసరం లేకుండానే తెలుస్తుంది. మంచి వివరాన్ని గుర్తుపట్టే తీరు ఇదే. దాని గొప్పతనాన్ని మీరు విశేషణాలతో పొగడవలసి వస్తున్నదంటే అది సరైన వివరం కాదు, ఇంకొకరిని అడగాలి.

ఇలా సేకరించిన సంగతులను రాసేముందు రజిత గారితో సరిచూసుకోండి. ఇతరులు చెప్పే ఘనతలో కొంత వేరేవారికి చెందవలసినది ఉండవచ్చు. ‘బోర్డు పెట్టాలన్న ఆలోచన గేటు గుమాస్తాది సార్, నేను రాయడమే చేసిన’ అని ఆమె చెబితే, ఆ ముక్క ప్రకటనలోకి తప్పక రావాలి. అలా రాకపోతే, అసలు సంగతి తెలిసిన ఆ గుమాస్తా మిగిలిన ప్రకటనను కూడా నమ్మడు.

పదోన్నతి రానివారికి ముందే చెప్పడం

నా ఉద్దేశంలో ఈ పని మొత్తంలో కష్టమైనదీ, అందరూ దాటవేసేదీ ఇదే. ల్యాబ్‌లో రజిత గారికన్నా ముందు చేరిన సహాయకుడు ఒకాయన ఉన్నాడు. ఆ హోదా తనకే వస్తుందని ఆయన అనుకుంటున్నాడు, తోటివారు కూడా అనుకుంటున్నారు. ఆయన ఈ కబురును గ్రూపులో నలుగురితోపాటు చదివితే, ఆ తర్వాత మీరు ఎంత ఆప్యాయంగా మాట్లాడినా ఆయనకు అది నటనగానే తోస్తుంది. ప్రకటనకు ఒక రోజు ముందు, కనీసం అదే రోజు ఉదయం, ఆయనను పిలిచి ఒంటరిగా మాట్లాడాలి. ల్యాబ్‌లో నలుగురి మధ్య కాదు, ఫోనులో అంతకన్నా కాదు.

మొదటి మాటలోనే కబురు చెప్పండి. వాతావరణం, ఇంటి క్షేమసమాచారాలు, యాసంగి దిగుబడుల గురించి పది నిమిషాలు మాట్లాడి చివర్లో అసలు సంగతి చెప్పడం మర్యాదగా కనిపిస్తుంది గాని, వినేవాడికి ఆ పది నిమిషాలూ గుండె దడే. ఇలా చెప్పవచ్చు:

‘అన్నా, రేపు సాయంత్రం అందరికీ చెప్పబోతున్నం. నాణ్యత విభాగం ఇన్‌ఛార్జిగా రజితను తీసుకున్నం. నీకు ముందుగా నేనే చెప్పాలని పిలిచిన.’

ఆ తర్వాత ఆగండి. ఆయన మౌనంగా ఉంటే ఉండనివ్వండి. ‘సీనియర్‌ను నేను, నన్నెందుకు తీస్కోలేదు సార్?’ అన్న ప్రశ్న రావడం సహజం. అప్పుడు రజిత గారిని పొగడడం మొదలుపెట్టకండి. ఆయన అడిగింది తన గురించి. నిజమైన కారణం ఒకటే చెప్పండి, ఆయన సరిదిద్దుకోగలిగినదైతే దాన్ని అలాగే చెప్పండి. ‘రాత్రి షిఫ్టు రికార్డులు మూడుసార్లు అడిగితేగాని రాలేదు. ఇన్‌ఛార్జి అయినవాళ్లు రోజూ ఆ రికార్డుల మీదనే రైతుకు జవాబు చెప్పాలె’ అన్నారనుకోండి, ఆయన ఒప్పుకోకపోవచ్చు గాని అది ఆయనకు అర్థమవుతుంది. ‘పై నుంచి వచ్చిన నిర్ణయం, నా చేతుల ఏం లేదు’ అన్న మాట మాత్రం అనకండి. మిమ్మల్ని మీరు కాపాడుకోవడానికి అన్నదని ఆయనకు వెంటనే తెలుస్తుంది, పైగా రేపటి నుంచి రజిత గారి మాట వినమని చెప్పే అధికారాన్ని మీరే పోగొట్టుకుంటారు.

వచ్చే సీజనులో నీకే అని మాటివ్వడం కూడా కూడదు. మీ చేతిలో లేనిది ఇస్తామనడం ఇప్పటి నిరాశను ఏడాది పాటు పెంచి పోషించడమే. రెండో షిఫ్టు బాధ్యత ఆయన దగ్గరే ఉంటుందని యాజమాన్యం నిజంగా నిర్ణయించి ఉంటే అది చెప్పండి, ప్రకటనలో కూడా రాయండి. లేదంటే ఊరుకోండి. చివరగా ఒక్కటి అడగండి: ‘రేపు నలుగురి ముందర చెప్పేటప్పుడు నీకు ఇబ్బందయ్యే మాట ఏమన్న ఉంటదా?’ తనతో పోల్చి చెప్పవద్దని ఆయన అనవచ్చు. ఆ మాట నిలబెట్టుకోవడం మీకు సులభమే.

రాయడం

మొదట, మామూలుగా రాసే తీరు ఎలా ఉంటుందో చూడండి.

‘మన సంస్థలో ఎంతో అంకితభావంతో, నిబద్ధతతో, చిత్తశుద్ధితో పనిచేస్తున్న రజిత గారికి వారి కృషిని గుర్తించి పదోన్నతి కల్పించడమైనది. వారు మరిన్ని ఉన్నత శిఖరాలను అధిరోహించాలని మనసారా కోరుకుంటూ హృదయపూర్వక శుభాకాంక్షలు.’

ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ రజిత అన్న పేరు తీసి మిల్లులో ఇంకెవరి పేరు పెట్టినా ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. మీరు రాసిన దాన్ని పరీక్షించే పద్ధతి కూడా ఇదే. ఆ పేరు తీసి బాయిలర్ ఆపరేటర్ పేరు పెట్టి చదవండి. వాక్యం అప్పటికీ నిలబడితే దాన్ని కొట్టేయండి. పైగా ఏ హోదా, ఏ తేదీ, ఎవరికి ఏం మారుతుందన్నవి ఇందులో లేవు.

ఇప్పుడు సేకరించిన వివరాలతో రాస్తే ఇలా ఉంటుంది.

‘మిల్లు సిబ్బంది అందరికీ నమస్కారం.

నాణ్యత విభాగంలో సహాయకురాలిగా పనిచేస్తున్న రజిత గారు వచ్చే నెల 1వ తేదీ నుంచి ఆ విభాగానికి ఇన్‌ఛార్జిగా బాధ్యతలు తీసుకుంటున్నారు.

పోయిన యాసంగిలో గేటు దగ్గర తేమ యంత్రానికీ ల్యాబ్‌లోని యంత్రానికీ లెక్క కలవక రైతులతో రోజూ వాదనలు జరిగిన సంగతి మనందరికీ గుర్తుంది. ఆ అంకెలను రైతులకు కనబడేలా బోర్డు మీద పెడదామని గేటు గుమాస్తా గారు సూచించారు. అప్పటి నుంచి రజిత గారు రోజూ మొదటి ట్రాక్టరు లోపలికి రాకముందే ఒకే ధాన్యాన్ని రెండు యంత్రాల్లో పరీక్షించి, ఆ అంకెలను బోర్డు మీద రాస్తున్నారు. తేడా ఎక్కువగా వచ్చిన రోజు ఆ యంత్రాన్ని వాడకుండా పక్కన పెట్టిస్తున్నారు. “ఆమె చీటీ మీద రాసిన తేమను నేను మళ్ల చూసుకోను” అని మన డ్రైయర్ ఆపరేటర్ గారు అన్నారు.

1వ తేదీ నుంచి ధాన్యం తేమ, తాలు, నూక శాతం గురించి సందేహం వచ్చినా, తరుగు విషయంలో రైతు అభ్యంతరం చెప్పినా ముందుగా రజిత గారిని అడగండి. ఇంతవరకు వీటిని చూసిన నేను కొనుగోళ్లు, బియ్యం లోడింగ్ పనుల్లో ఉంటాను. ల్యాబ్ రెండో షిఫ్టు బాధ్యత ఇప్పుడున్నవారి దగ్గరే కొనసాగుతుంది. గేటు, డ్రైయర్ పనుల్లో ఎలాంటి మార్పూ లేదు.

రజిత గారూ, మీకు మా అందరి తరఫున అభినందనలు.’

ఈ ప్రకటన వరుసను గమనించండి. పలకరింపు వెంటనే వచ్చే వాక్యంలోనే కబురు ఉంది, ఎందుకంటే ఫోనులో పైపైన చూసేవారు మొదటి మాటలు దాటి చదవరు. పని గురించిన పేరాలో ఒక్క పనినే చెప్పాం. ఆమె చేసిన ఏడు మంచి పనులు వరుసగా రాస్తే ఏ ఒక్కటీ గుర్తుండదు, చదువుతున్నంతసేపూ అది దరఖాస్తు ఫారంలా ఉంటుంది. డ్రైయర్ ఆపరేటర్ అన్న మాటను ఆయన మాటగానే ఉంచాం, ఆయన అనుమతి తీసుకుని. మీరు పదిసార్లు మెచ్చుకున్నా, ఆమె అంకె మీద తన పని ఆధారపడిన మనిషి ఒక్కసారి అన్నదానికి ఉన్న బరువు దానికి రాదు.

మారనివాటిని కూడా రాయడాన్ని కొందరు అనవసరం అనుకుంటారు. నా అనుభవంలో ఏ మార్పు ప్రకటించినా సిబ్బంది మొదట అడిగేది ‘మరి మా సంగతేంది?’ అనే. దానికి జవాబు ప్రకటనలోనే ఉంటే టీ కొట్టు దగ్గర ఊహాగానాలకు చోటుండదు.

గౌరవ సంబోధన విషయంలో ఒక జాగ్రత్త అవసరం. రోజువారీ మాటల్లో ఆమెను కొందరు మేడం అనీ, కొందరు అక్కా అనీ, పెద్దవారు రజితా అనీ పిలుస్తుండవచ్చు, మీరు కూడా పేరు పెట్టే పిలుస్తుండవచ్చు. రాతలో మాత్రం ఆమెకు ‘గారు’ ఉండాలి, అదే ప్రకటనలో వచ్చే గుమాస్తాకూ, ఆపరేటర్‌కూ, హమాలీ మేస్త్రికీ కూడా ఉండాలి. ఆఫీసువారికి ‘గారు’ పెట్టి, షెడ్డులో పనిచేసేవారిని ఒట్టి పేరుతో వదిలేస్తే ఆ తేడాను వారు తప్పక గమనిస్తారు.

రాయకూడనివి

జీతం, పెంపు ఎంత అన్నవి రాయకూడదని అందరికీ తెలుసు. అంత సులభంగా తెలియనివి కొన్ని ఉన్నాయి. ‘ఆడపిల్ల అయినా రాత్రివేళ కూడా ల్యాబ్‌లో నిలబడి’ అన్న వాక్యం మెప్పులా వినిపిస్తుంది గాని, ఆమెనుంచి అంత ఆశించలేదన్న మాట అందులో దాగి ఉంది. ‘మారుమూల తండా నుంచి వచ్చి’, ‘తండ్రి పోయిన తర్వాత ఇల్లు గడుపుతూ’ వంటివి ఆమె జీవితానికి సంబంధించినవి. అవి ఆమె తనకు తానుగా ఎప్పుడైనా చెప్పుకుంటే చెప్పుకుంటారు. ప్రకటనలో చేరితే, పదోన్నతి పని చూసి ఇచ్చారా, జాలిపడి ఇచ్చారా అన్న సందేహానికి తావిస్తాయి. ఊరు, కులం, ఎవరి బంధువు అన్న ప్రస్తావన మన ప్రాంతపు మిల్లుల్లో ఎలాగూ మాటల్లో దొర్లుతుంది. కాగితం మీదికి మాత్రం దాన్ని రానివ్వకండి.

‘ఎప్పుడో రావలసింది’ అన్న మాట కూడా అలాంటిదే. ఆప్యాయతతో అన్నదైనా, ఇంతకాలం ఇవ్వనివారెవరన్న ప్రశ్నను లేవనెత్తుతుంది. ఇక ‘అందరూ ఆమెను చూసి నేర్చుకోవాలి’ అని ముగించడం మంచి ప్రకటనను చివరి వాక్యంలో పాడుచేయడమే. అప్పటిదాకా సంతోషంగా చదివినవారు అక్కడ తమను తిట్టినట్టుగా భావిస్తారు.

చెప్పే రోజు

రైస్‌మిల్లులో వాట్సాప్ ఒక్కటే చాలదు. హమాలీల్లో చాలామంది ఆఫీసు గ్రూపులో ఉండరు. మిర్యాలగూడ మిల్లుల్లో బీహార్ నుంచి వచ్చి పనిచేసేవారు కూడా ఎక్కువే. వారికి తెలుగు ప్రకటన చదివి వినిపించినా సగమే అర్థమవుతుంది. ఆమె ఇచ్చే సూచన ప్రకారం బస్తాలు ఏ లాటులో వేయాలో తేలేది వారి చేతుల మీదుగానే కనుక, వారి మేస్త్రికి ముందుగా హిందీలో మూడు వాక్యాలు చెప్పి, ఆయన చేత ముఠాకు చెప్పించండి. హోదా, తేదీ, ఏ పనికి ఆమెను అడగాలి అన్నవి ఆ మూడు వాక్యాల్లో ఉంటే చాలు.

సమయం ఎంచుకునేటప్పుడు గేటు వైపు చూడండి. కోతల రోజుల్లో మధ్యాహ్నం, ట్రాక్టర్లు నిలిచి డ్రైవర్లు హారన్లు కొడుతున్నప్పుడు అందరినీ పిలిస్తే, ఎవరూ వినరు సరికదా, పని ఆపించిన పాపం రజిత గారి ఖాతాలో పడుతుంది. షిఫ్టు మారే వేళ, రెండు షిఫ్టులవారూ ఉండే పావుగంట ఇందుకు అనువైనది. మొదట నోటితో చెప్పండి. అదయ్యాక అయిదు పది నిమిషాల్లో గ్రూపులో పెట్టండి, ఆ వెంటనే కాగితం నోటీసు బోర్డుకు అంటించండి. ఈ వరుస తలకిందులైతే, గ్రూపులో చదివేసినవారు మీరు మాట్లాడుతుండగానే ఫోను చూసుకుంటూ నిలబడతారు.

నోటితో చెప్పేటప్పుడు రాసినదంతా చదవకండి. కబురు, తేమ యంత్రాల సంగతి, ఎవరికి ఏం మారుతుంది అన్నంతవరకు రెండు నిమిషాల్లో చెప్పండి. మాట్లాడుతున్నప్పుడు ఆమె వైపు చూసి చెప్పవలసిన వాక్యాన్ని ఆమె వైపే చూసి చెప్పండి. యజమాని పక్కన నిలబడి ఉంటే మన చూపు తెలియకుండానే అటు పోతుంది, అప్పుడు ఆ అభినందన ఆయనకు చెప్పినట్టు ఉంటుంది. శాలువా కప్పడం, మిఠాయి పంచడం మీ మిల్లు ఆనవాయితీ అయితే చేయండి, కానీ కిందటిసారి కాంటా ఇన్‌ఛార్జికి పదోన్నతి వచ్చినప్పుడు ఏం చేశారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఆయనకు టీతో సరిపెట్టి ఈమెకు దండలు వేసినా, దానికి తారుమారుగా చేసినా, ఆ తేడా మీద వచ్చే చర్చ పదోన్నతి మీద వచ్చే చర్చకన్నా ఎక్కువకాలం నడుస్తుంది. మాట్లాడటం ఇష్టం లేదని ఆమె ముందే చెప్పి ఉంటే ‘రెండు మాటలైనా చెప్పాలి’ అని బలవంతపెట్టకండి. చప్పట్లయ్యాక మీరే ‘ఇగ మిఠాయి తీసుకోండ్రి’ అనేస్తే ఆమె ఊపిరి పీల్చుకుంటారు.

ఆ తర్వాతి వారం

ప్రకటన సరిగా చేరిందో లేదో అభినందన సందేశాల లెక్కతో తెలియదు. గేటు దగ్గర ఒక రైతు తరుగు మీద అభ్యంతరం చెప్పినప్పుడు గుమాస్తా ఎవరికి ఫోను చేస్తున్నాడో చూడండి. ఇంకా మీకే చేస్తున్నాడంటే, అతడు ప్రకటన చదవలేదని కాదు, పాత అలవాటు పోలేదు. మీరు ఫోనులోనే సమాధానం చెప్పేస్తే ఆ అలవాటు గట్టిపడుతుంది, రజిత గారి హోదా కాగితానికే పరిమితమవుతుంది. ‘అది ఇప్పుడు రజిత గారు చూస్తున్నరు, ఆమెకు చెయ్యి’ అని ఫోను పెట్టేయండి. ట్రాక్టరు మరో పది నిమిషాలు ఆగినా పరవాలేదు.

ప్రకటనలో తేదీయో హోదాయో తప్పు పడితే, సందేశాన్ని చడీచప్పుడు లేకుండా తొలగించి కొత్తది పెట్టకండి. తొలగించిన గుర్తు గ్రూపులో అలాగే మిగులుతుంది, దాన్ని చూసినవారు పదోన్నతే రద్దయిందని అనుకునే ప్రమాదం ఉంది. పాత సందేశాన్ని అలాగే ఉంచి, దానికి జవాబుగా ‘పై ప్రకటనలో తేదీ 10 అని పడింది, సరైన తేదీ 1. మిగిలినదంతా యథాతథం’ అని రాయండి.

పదోన్నతి రాని ఆ సహాయకుడితో వారంలోగా మరొకసారి మాట్లాడండి. ఈసారి పదోన్నతి ప్రస్తావన మీరు తేవద్దు. రెండో షిఫ్టులో పని ఎలా ఉంది, రికార్డులు రాయడానికి మనిషి సరిపోతున్నాడా అని అడగండి. ఆయన తనంతట తాను ఆ సంగతి ఎత్తితే వినండి. ఆయన రజిత గారిని పక్కనపెట్టి నేరుగా మీ దగ్గరికి నాణ్యత చీటీలు తెస్తుంటే మాత్రం ఊరుకోకూడదు. మొదటిసారే, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు, చీటీలు ఇన్‌ఛార్జి సంతకంతోనే రావాలని చెప్పి వెనక్కి ఇచ్చేయండి.

గేటు గది గోడ మీద అత్యవసర ఫోను నంబర్ల కాగితం ఒకటి అంటించి ఉంటుంది. రైతులకూ లారీ డ్రైవర్లకూ తెలిసేది ఆ కాగితమే. అందులో నాణ్యత విభాగం ఎదురుగా మీ నంబరు కొట్టేసి, రజిత గారి అనుమతితో, మిల్లు ఆమెకిచ్చిన నంబరు 1వ తేదీ ఉదయానికల్లా రాయించండి.